తలుపు దానంతట అదే తెరుచుకుంటుంటే: ద్వారబంధం వాలును రసమట్టంతో కనిపెట్టి సరిచేసే పద్ధతి

గడియ వేయకుండా దగ్గరగా వేసిన పడగ్గది తలుపు కాసేపటికి మెల్లగా తెరుచుకుంటుంది. ఇంకో గదిలో బార్లా తీసిన తలుపు వెనక్కి వచ్చి మూసుకుంటుంది. చాలా ఇళ్లలో దీనికి చేసే వైద్యం తలుపు కింద మడత పెట్టిన అట్టముక్క దూర్చడం, లేదంటే గోడకి అయస్కాంతం స్టాపర్ బిగించడం. అవి తలుపును పట్టి ఉంచుతాయి, కానీ కదిలించే కారణం అలాగే ఉండిపోతుంది. ఆ కారణాన్ని మిల్లీమీటర్లలో కొలవవచ్చు. వాలు ఓ మాదిరిగా ఉంటే ద్వారబంధం పీకకుండా, గోడ పగలగొట్టకుండా మడతబందుల దగ్గరే సరిచేయవచ్చు. ఇక్కడ చెప్పేది ఆ పని గురించే.

తలుపు ఎటు పడుతుందో ఏది నిర్ణయిస్తుంది

ముందుగా ఒక అపోహ తీసేయాలి. నేల వాలుగా ఉండటం వల్ల తలుపు కదలదు. తలుపు నేలను తాకదు కాబట్టి టైల్స్ మీద రసమట్టం పెట్టి చూస్తే ఏమీ తెలియదు. తలుపు బరువంతా మడతబందుల మీద ఉంటుంది. పై బందు పిన్ను నుంచి కింది బందు పిన్ను దాకా ఒక గీత ఊహించుకోండి. తలుపు తిరిగేది ఆ గీత చుట్టూనే. ఆ గీత తూకానికి నిలువుగా ఉంటే తలుపు ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. గీత ఏ కాస్త వాలినా తలుపుకి ఒక పల్లపు వైపు ఏర్పడుతుంది. చేయి తీయగానే అది ఆ వైపుకే పోతుంది.

ఒక నోటు పుస్తకంతో దీన్ని చూడవచ్చు. కుట్టు నిలువుగా ఉండేలా పట్టుకుని అట్టను సగం తెరవండి. ఇప్పుడు కుట్టు పై కొసను మీ వైపు వంచండి, అట్ట మీ వైపుకే వాలుతుంది. కుడికి వంచితే కుడికి పోతుంది. తలుపుకీ సూత్రం ఇదే: పిన్నుల గీత పై కొస ఎటు వాలి ఉందో, తలుపు అటే పోయి ఆగుతుంది.

తలుపు గది లోపలికి తెరుచుకుంటుందనుకుందాం. పై కొస గది వైపు వాలితే తలుపు తెరుచుకుని, గోడకి నిటారుగా, అంటే 90 డిగ్రీల దగ్గర ఆగుతుంది. హాలు వైపు వాలితే మూసుకుని ద్వారబంధం గాడికి ఆనుకుంటుంది. గోడ పొడవునా గడియ వైపు వాలినా మూసుకుంటుంది. గడియకి దూరంగా వాలితే తలుపు పూర్తిగా వెనక్కి పోయి గోడకి కొట్టుకుంటుంది. అసలు ఇళ్లలో ఈ రెండు వాలులూ కొంచెం కొంచెం కలిసి ఉంటాయి. అందుకే కొన్ని తలుపులు ముప్పావు తెరుచుకుని ఆగిపోతాయి. అలా ఆగిన చోటు వాలు దిశను వేలితో చూపిస్తున్నట్టే లెక్క, కాబట్టి పరికరం తీయకముందే ఆ కోణాన్ని కాగితం మీద రాసుకోండి. కొలతలు తీశాక సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

మరి వాలిన తలుపులన్నీ ఎందుకు కదలవు? బందుల్లో రాపిడి ఉంటుంది కాబట్టి. రెండు మూడు మిల్లీమీటర్ల వాలుని మామూలు ఇనుప బందు రాపిడే ఆపేస్తుంది. విశాఖలో, ముఖ్యంగా బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, భీమిలి వైపు ఇళ్లలో ఉప్పుగాలికి ఇనుప బందులు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. ఆ తుప్పే ఏళ్ల తరబడి వాలుని దాచి ఉంచుతుంది. ఒకరోజు వాటిని తీసేసి కొత్త స్టెయిన్‌లెస్ స్టీల్ బందులు వేయిస్తారు, లేదా నూనె పోస్తారు. మర్నాటి నుంచి తలుపు తనే తెరుచుకోవడం మొదలవుతుంది. బందులు పాడు చేశాడని కార్పెంటర్ మీద కోపం తెచ్చుకుంటారు గానీ, ఆ వాలు ఇల్లు కట్టిన నాటిదే.

గాలినీ, బిగుతునీ ముందు తప్పించాలి

కొలతలకి దిగే ముందు రెండు పరీక్షలు చేయాలి. మొదటిది గాలి. మధ్యాహ్నం సముద్రం మీద నుంచి వచ్చే గాలి తూర్పు కిటికీలోంచి దూరి పడమటి బాల్కనీలోంచి పోతుంటే, తూకానికి ఉన్న తలుపు కూడా ఠపీమని కొట్టుకుంటుంది. గాలికి కదిలే తలుపు ఒక్కసారిగా వేగం అందుకుంటుంది, ఒక్కోసారి మధ్యలో ఆగి మళ్లీ కదులుతుంది. వాలు వల్ల కదిలే తలుపు నింపాదిగా బయల్దేరి, ప్రతిసారీ ఒకే చోటికి చేరుతుంది. పొద్దున్నే గాలి పడిపోయిన వేళ కిటికీలు మూసి, ఫ్యాన్లు ఆపండి. తలుపుని 30, 60, 90, 120 డిగ్రీల దగ్గర విడివిడిగా వదిలి చూడండి. నాలుగు చోట్ల నుంచీ ఒకే చోటికి చేరుతుంటే అది వాలే.

రెండోది బందు బిగుతు. తలుపు చివరి అంగుళం దాకా బాగానే మూసుకుని, అక్కడ స్ప్రింగులా ఎదురుతిరిగి కొంచెం తెరుచుకుని ఆగిపోతుంటే దానికి వాలుతో సంబంధం లేదు. బందు రెక్కల్ని చెక్కలోకి మరీ లోతుగా దింపేసి ఉంటారు, లేదా స్క్రూ తలలు పైకి పొడుచుకొచ్చి ఒకదాన్నొకటి తన్నుకుంటూ ఉంటాయి, లేదా పెయింటు మీద పెయింటు పేరుకుని బందు వైపు సందు మూసుకుపోయి ఉంటుంది. మూయబోతుంటే బందు వైపు ఉన్న ద్వారబంధం నిలువు కొయ్య కొద్దిగా కదలడం కంటికి కనిపిస్తుంది. దీనికి మందు వేరు. స్క్రూలు పూర్తిగా దిగేలా చూడాలి, లోతు ఎక్కువైన బందు వెనక పల్చటి ప్యాకింగ్ ముక్క వేయాలి.

ఇంకొకటి కూడా చూడండి. తలుపుని సగం తెరిచి గడియ వైపు అంచు పట్టుకుని పైకి ఎత్తండి. పై బందు దగ్గర కదలిక కనిపిస్తే స్క్రూలు వదులయ్యాయన్నమాట. వదులు బందుతో తీసిన కొలత దేనికీ పనికిరాదు. ముందు వాటిని బిగించాకే మిగతా పని.

రసమట్టం నిజం చెబుతుందో లేదో చూడటం

తలుపు పనికి 4 అడుగుల రసమట్టం బాగుంటుంది. ఇంట్లో ఉండే అడుగు పొడవు రసమట్టం ఒక్కటీ చాలదు, ఎందుకంటే నిలువు కొయ్య మధ్యలో విల్లులా వంగి ఉంటే అది పెట్టిన చోటల్లా వేరే కథ చెబుతుంది. పొడవైనది లేకపోతే వంకర లేని 6 అడుగుల అల్యూమినియం పెట్టె గొట్టాన్ని కొయ్యకి ఆనించి, దాని మీద చిన్న రసమట్టం పెట్టుకోవచ్చు. గొట్టం వంకరో కాదో తెలుసుకోవాలంటే నేల మీద దాని అంచు వెంట పెన్సిలు గీత గీయండి. గొట్టాన్ని రెండో వైపుకి తిప్పి అదే అంచుతో మళ్లీ గీయండి. గీతలు కలిసిపోతే అది తిన్నగా ఉన్నట్టు.

రసమట్టాన్ని ముందు గోడ మీదే పరీక్షించాలి. గోడకి నిలువుగా ఆనించి, అడ్డంగా ఉన్న గాజు గొట్టంలో బుడగ సరిగ్గా రెండు గీతల మధ్యకి వచ్చేలా సర్ది, అంచు వెంట గీత గీయండి. ఇప్పుడు పైకొస పైనే ఉంచి రసమట్టాన్ని తిప్పండి, గోడను చూస్తున్న ముఖం మీ వైపుకి రావాలి. అదే అంచుని అదే గీతకి ఆనించి చూడండి. బుడగ మళ్లీ మధ్యలోనే ఉంటే రసమట్టం మంచిది. పక్కకి పోతే తేడాలో సగం రసమట్టం తప్పు, సగం మీ గీత తప్పు. అలాంటి దాన్ని ఈ పనికి వాడకండి. ఒకసారి మేడ మీద నుంచి పడిన రసమట్టం చూడటానికి కొత్తదానిలా ఉంటుంది కానీ తప్పు చూపిస్తుంది, కాబట్టి మేస్త్రీ తెచ్చినదాన్నైనా ఇలా చూసుకోవడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇక బుడగను చదవడం. బుడగ ఎప్పుడూ ఎత్తుగా ఉన్న వైపుకి పోతుంది. నిలువుగా పట్టినప్పుడు బుడగ ఎడమకి పోయిందంటే పై కొస కుడికి వాలి ఉన్నట్టు. దీన్ని తిరగేసి చదవడం వల్లే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. వాలు ఎంతో తెలియాలంటే బుడగ మధ్యకి వచ్చేదాకా రసమట్టం ఒక కొస కింద పల్చటి అట్టముక్కలు దూర్చి, వాటి మందం కొలవండి. 600 మి.మీ. రసమట్టం కింద 1.5 మి.మీ. అట్ట పట్టిందంటే, 1500 మి.మీ. ఎత్తులో వాలు దాదాపు 4 మి.మీ. అన్నమాట.

నిలువు కొయ్య కాదు, పిన్నుల్ని కొలవాలి

రసమట్టంతో బందు వైపు నిలువు కొయ్యని రెండు ముఖాల మీదా చూడాలి. గది వైపు ముఖం మీద పెడితే కొయ్య గదిలోకి వాలిందా, హాల్లోకి వాలిందా తెలుస్తుంది. తలుపు తెరిచి, బందులు బిగించిన లోపలి ముఖం మీద పెడితే గడియ వైపు వాలిందా, దూరంగా వాలిందా తెలుస్తుంది. గడియ వైపు కొయ్యని కూడా ఒకసారి గది ముఖం మీద చూడండి. రెండు కొయ్యలూ ఒకే వైపుకి, ఒకే మోతాదులో వాలి ఉంటే తలుపు ద్వారబంధానికి చక్కగా ఆనుతుంది. ఒకటి లోపలికి, ఒకటి బయటికి వాలి ఉంటే ద్వారబంధం మెలి తిరిగినట్టు. అప్పుడు మూసిన తలుపు పై మూలలోనో కింది మూలలోనో మాత్రమే తగులుతుంది.

అయితే ఇది మొదటి అంచనా మాత్రమే. కొయ్య తూకానికి ఉండి, బందుల్ని ఎగుడుదిగుడుగా బిగించినా తలుపు కదులుతుంది. కాబట్టి పిన్నుల్నే నేరుగా కొలవాలి. దీనికి రసమట్టం కన్నా తూకం గుండు నమ్మకమైనది. తలుపు మూసి, పిన్ను దూరి ఉండే బందుల గొట్టాలు కనిపించే గది వైపు నిలబడండి. పై బందుకి కొంచెం పైన ఒక చెక్కముక్క బిగించి, దాని కొన నుంచి సన్నటి దారంతో గుండు వేలాడదీయండి. దారం గొట్టాలకి ఓ 20 మి.మీ. ముందుగా, ఏ బందుకీ తగలకుండా ఉండాలి. గుండు ఊగుతూ ఉంటే కింద ఒక మగ్గులో నీళ్లు పోసి గుండు అందులో మునిగేలా పెట్టండి, నిమిషంలో నిలబడుతుంది.

ఇప్పుడు స్టీలు స్కేలుతో నాలుగు కొలతలు తీయాలి. పై బందు గొట్టం ముందు భాగం నుంచి దారానికి ఎంత, కింది బందు దగ్గర ఎంత. ఈ రెండింటి తేడాయే గది, హాలు దిశల్లో వాలు. తర్వాత దారానికి ఎదురుగా ఒక కన్ను మూసి చూస్తూ, పై గొట్టం మధ్యభాగం దారానికి పక్కకి ఎంత జరిగి ఉందో, కింది గొట్టం ఎంత జరిగి ఉందో కొలవండి. ఈ తేడా గోడ పొడవునా ఉన్న వాలు. కన్ను స్కేలుకి ఏటవాలుగా ఉంటే 1 మి.మీ. ఇట్టే తప్పుతుంది, అందుకే ప్రతి కొలతా రెండుసార్లు తీయండి.

ఒక తలుపు లెక్క

ఎం.వి.పి. కాలనీలో ఉండే మామూలు రెండు పడగ్గదుల ఫ్లాటులో ఒక తలుపు తీసుకుందాం. 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు, 35 మి.మీ. మందం ఫ్లష్ డోర్. మద్ది చెక్క ద్వారబంధం. 4 అంగుళాల బందులు మూడు. పై పిన్నుకీ కింది పిన్నుకీ మధ్య దూరం 1550 మి.మీ. తలుపు గదిలోకి తెరుచుకుంటుంది. దగ్గరగా వేసి వదిలితే మెల్లగా తెరుచుకుని, సగానికి మించి పోయి దాదాపు 115 డిగ్రీల దగ్గర ఆగుతోంది.

గుండు వేలాడదీస్తే దారానికి పై గొట్టం 16 మి.మీ. దూరంలో, కింది గొట్టం 20 మి.మీ. దూరంలో ఉన్నాయి. అంటే పై కొస గది వైపు 4 మి.మీ. వాలింది. పక్క దిశలో పై గొట్టం కింది గొట్టం కన్నా గడియకి 2 మి.మీ. దూరంగా ఉంది. కాగితం మీద గది వైపుకి 4, గడియకి వ్యతిరేకంగా 2 గీసి మూలకి గీత కలిపితే, మూసిన స్థితి నుంచి సుమారు 117 డిగ్రీలు వస్తుంది. తలుపు ఆగే చోటుతో ఇది సరిపోయింది కాబట్టి కొలతలు నమ్మవచ్చు. సరిపోకపోతే సరిచేయడం మొదలుపెట్టకండి. కొలత తప్పై ఉండాలి, లేదా మధ్య బందు తన వైపుకి లాగుతూ ఉండాలి.

ఇప్పుడు రెండు దిశల్లోనూ వాలుని విడివిడిగా తీసేయాలి. పూర్తిగా సున్నా చేయాల్సిన పని లేదు. 1 మి.మీ. మిగిలితే రాపిడి చూసుకుంటుంది.

గడియ వైపు దిశలో: బందు వెనక ప్యాకింగ్

ద్వారబంధానికి బిగించిన రెక్క వెనక ప్యాకింగ్ వేస్తే పిన్ను గడియ వైపుకి జరుగుతుంది. ఇక్కడ అందరూ చేసే తప్పు ప్యాకింగ్‌ని తలుపుకి బిగించిన రెక్క వెనక వేయడం. అలా చేస్తే తలుపు పక్కకి జరుగుతుంది తప్ప పిన్ను ఉన్నచోటే ఉంటుంది, వాలు రవ్వంత కూడా తగ్గదు.

మన తలుపుకి పై పిన్ను గడియ వైపుకి రావాలి. పై బందుకి ద్వారబంధం వైపు 1 మి.మీ. ప్యాకింగ్, మధ్య బందుకి అర మిల్లీమీటరు వేస్తే 2 మి.మీ. వాలు 1 కి తగ్గుతుంది. ఇంతటితో ఆపడం మంచిది. ఎందుకంటే తలుపు పైభాగం కూడా దానితో పాటు 1 మి.మీ. గడియ వైపుకి జరుగుతుంది, గడియ వైపు అంచు అర మిల్లీమీటరుకి కొంచెం పైగా కిందికి దిగుతుంది. గడియ వైపు పైన 3 మి.మీ. సందు ఉంటే 2 కి వస్తుంది, ఫర్వాలేదు. ముందే 1.5 మి.మీ. మాత్రమే ఉంటే వానాకాలంలో చెక్క ఉబ్బినప్పుడు తలుపు పట్టేస్తుంది. అలాంటప్పుడు పై బందు జోలికి పోకుండా, కింది బందు రెక్క కూర్చునే గాడిని ఉలితో 1 మి.మీ. లోతు చేస్తే అదే ఫలితం వస్తుంది. కింద బందు వైపు సందు కనీసం 2 మి.మీ. ఉంటేనే ఆ పని చేయాలి, లేకపోతే బందు బిగుతు మొదలవుతుంది.

ప్యాకింగ్‌కి అట్టముక్క మన ఊళ్లో ఎక్కువ కాలం నిలవదు. తేమ పీల్చి మెత్తబడుతుంది, స్క్రూ వదులవుతుంది. సన్‌మైకా ముక్క బందు రెక్క సైజుకి కోసి వేస్తే నలగదు. 1 మి.మీ. మందం సన్‌మైకా కార్పెంటర్ దగ్గర తునకలుగా దొరుకుతుంది. అర మిల్లీమీటరుకి పల్చటి ప్లాస్టిక్ షీటు వాడండి.

గది వైపు దిశలో: రెండు రెక్కలూ కలిపి జరపడం

అసలు పని ఇక్కడే ఉంది. పై పిన్ను గది వైపుకి 4 మి.మీ. ముందుంది. దాన్ని సరిచేయాలంటే పై పిన్ను లోపలికి పోవాలి, లేదా కింది పిన్ను గది వైపుకి రావాలి. పై పిన్నుని లోపలికి నెడితే గొట్టం చెక్కలోకి దూరి తలుపు పూర్తిగా తెరుచుకోదు. కాబట్టి కింది పిన్నునే బయటికి తేవాలి.

చాలామంది కింది బందుని ద్వారబంధం మీద మాత్రమే జరుపుతారు. అప్పుడు తలుపు కింది భాగం కూడా బయటికి వచ్చేస్తుంది. మూసినప్పుడు పైన ఆనుతుంది, కింద 3 మి.మీ. తెల్లటి వెలుతురు గీత కనిపిస్తుంది. అలా కాకుండా ద్వారబంధం మీది రెక్కనీ, తలుపు మీది రెక్కనీ రెండింటినీ ఒకే కొలతలో గది వైపుకి జరపాలి. పిన్ను మాత్రమే ముందుకి వస్తుంది, తలుపు ద్వారబంధంలో ఎక్కడుందో అక్కడే ఉంటుంది. మన తలుపుకి కింది బందుని ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, సుమారు 3 మి.మీ. జరపాలి. మూడు గొట్టాలూ ఒకే గీతలో ఉండాలి కాబట్టి మధ్య బందుని 1.5 మి.మీ. జరపాలి. మధ్య బందుని మరిచిపోతే మూడు పిన్నులూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుని తలుపు కిర్రుమంటుంది, నెమ్మదిగా స్క్రూలు ఊడదీస్తుంది.

తలుపు దించాల్సిన పని లేదు. గడియ వైపు అంచు కింద, బందు వైపు అంచు కింద చెక్క చీలికలు పెట్టి తలుపు బరువు వాటి మీద పడేలా చేయండి. ఒకరు తలుపుని పట్టుకోవాలి. ఒక్కోసారి ఒక్క బందే విప్పాలి. మొదట మధ్యది జరిపి బిగించండి, తర్వాత కిందిది. పై బందుని చివరగా విప్పి ప్యాకింగ్ వేయండి.

పాత రంధ్రానికి 3 మి.మీ. పక్కన కొత్త స్క్రూ వేస్తే అది జారి పాత రంధ్రంలోకే పోతుంది. ఈ పని విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే. పాత రంధ్రాన్ని 8 మి.మీ. బిట్టుతో శుభ్రంగా తొలిచి, గట్టి చెక్కతో చేసిన గుండ్రటి పుల్లకి జిగురు రాసి సుత్తితో దింపండి. పైకి మిగిలినదాన్ని ఉలితో సమంగా కోసి, ఒక రాత్రి ఆరనివ్వండి. ఆ రాత్రికి తలుపుని మిగతా రెండు బందులూ, కింది చీలికలూ మోస్తాయి. మర్నాడు 3 మి.మీ. బిట్టుతో కొత్త రంధ్రం వేసి, 8 నంబరు, ఒకటిన్నర అంగుళాల స్క్రూ దింపండి. అగ్గిపుల్లలు కుక్కి అప్పటికప్పుడు బిగిస్తే నెల తిరక్కుండా వదులవుతుంది. రెక్క జరిగాక గాడిలో వెనక మిగిలిన 3 మి.మీ. ఖాళీలో చెక్క పట్టీ అతికించి రంగు వేయండి, లేకపోతే రెక్క వెనక్కి జారడానికి చోటు ఉంటుంది.

స్క్రూలు కూడా బందు లోహమే అయి ఉండాలి. ఇత్తడి బందుకి ఇనుప స్క్రూ వేస్తే ఉప్పుగాలిలో స్క్రూని తుప్పు త్వరగా తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ బందుకి స్టెయిన్‌లెస్ స్క్రూలే వేయమని కార్పెంటర్‌కి ముందే చెప్పి, డబ్బా చూసి కొనండి. 304 రకం చాలా ఇళ్లకి సరిపోతుంది. సముద్రం ఎదురుగా ఉన్న ఇంట్లో బాల్కనీ తలుపులకి 316 రకం తీసుకుంటే మరకలు తక్కువ పడతాయి, ధర ఎక్కువ.

పని అయ్యాక గుండు మళ్లీ వేలాడదీయండి. గది దిశలో 1, గడియ దిశలో 1 మి.మీ. మిగిలి ఉండాలి. కిటికీలు మూసి తలుపుని నాలుగు చోట్లా వదిలి చూడండి. ఇంకా చాలా నెమ్మదిగా కదులుతుంటే మిగిలినదానికి రాపిడి పెంచితే చాలు. పిన్ను ఊడివచ్చే రకం బందు అయితే మధ్య బందు పిన్నుని తీసి, రెండు చెక్కల మీద వారధిలా పెట్టి మధ్యలో సుత్తితో ఒక చిన్న దెబ్బ వేయండి. కంటికి కనిపించీ కనిపించనంత వంగితే చాలు, తిరిగి దించినప్పుడు బిగుతుగా దిగుతుంది. మన దగ్గర దొరికే చాలా బందుల్లో పిన్ను రెండు కొసలూ కొట్టేసి ఉంటుంది, ఊడిరాదు. దాన్ని బలవంతంగా ఊడదీయకండి. అక్కడ అయస్కాంతం స్టాపర్ పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

బందులతో సరిపడని వాలు

ఈ పద్ధతి సుమారు 5 మి.మీ. వాలు దాకా పనిచేస్తుంది. రెక్కని 3 మి.మీ. కన్నా ఎక్కువ జరిపితే స్క్రూ చెక్క అంచుకి మరీ దగ్గరై చీలిక వస్తుంది, గొట్టం వికారంగా బయటికి పొడుచుకొస్తుంది. 7, 8 మి.మీ. వాలితే ద్వారబంధాన్నే సరిచేయాలి. అది మేస్త్రీ, కార్పెంటర్ ఇద్దరూ కలిసి చేసే పని. నిలువు కొయ్య చుట్టూ ప్లాస్టరు కొట్టి, కొయ్యని గోడకి పట్టి ఉంచే హోల్డ్‌ఫాస్టులు కోసి, చీలికలతో తూకానికి తెచ్చి, కొత్తగా యాంకర్ బోల్టులతో బిగించి, మళ్లీ ప్లాస్టరు చేయాలి. రంగులు కూడా మళ్లీ వేయాల్సి వస్తుంది కాబట్టి, ఇంటికి ఎలాగూ రంగులు వేయించే ఏడాది దాకా ఆగడం నయం.

కొత్తగా కడుతున్న ఇంట్లో అయితే ఇదంతా అరగంట పని. ద్వారబంధం నిలబెట్టిన రోజున, హోల్డ్‌ఫాస్టుల చుట్టూ కాంక్రీటు వేయకముందే, రెండు నిలువు కొయ్యల్నీ రెండేసి ముఖాల మీద గుండుతో చూడాలి. ఆ మూల నుంచి ఈ మూలకి రెండు ఐమూలలూ టేపుతో కొలిచి సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. ఇటుక పని ఒత్తిడికి కొయ్యలు లోపలికి వంగకుండా మధ్యలో ఒక అడ్డపట్టీ కొట్టి ఉంచాలి. ఇటుక పని నడుము ఎత్తుకి వచ్చాక ఇంకోసారి చూడాలి. పొద్దున తూకానికి ఉన్న ద్వారబంధం సాయంత్రానికి ఎవరో తట్ట ఆనించడం వల్ల 5 మి.మీ. జరిగిపోవడం మామూలే, కాంక్రీటు గట్టిపడ్డాక అది శాశ్వతం.

పాత ఇంట్లో ఏళ్లుగా కదలని తలుపులు రెండు మూడు ఒకేసారి కదలడం మొదలైతే బందుల్ని ముట్టుకోకండి. ద్వారబంధం పై మూలల నుంచి గోడ మీద ఏటవాలుగా పగుళ్లు వచ్చాయేమో చూడండి. మధురవాడ, పెందుర్తి వైపు వాలు నేలల్ని మట్టితో నింపి చదును చేసిన స్థలాల్లో పునాది ఒక పక్కకి దిగితే మొదట తెలిసేది తలుపుల ద్వారానే. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ రాయండి. పగులు మీద చిన్న గాజుముక్కని సిమెంటుతో అతికించండి. నెల తర్వాత గాజు పగిలినా, పగులు గీత దాటినా గోడ ఇంకా కదులుతోందని అర్థం. అప్పుడు పిలవాల్సింది స్ట్రక్చరల్ ఇంజనీరుని. ఆ కదలిక ఆగాకే తలుపు పని.